నిటారు కొండవాలు అసలు విస్తీర్ణం లెక్కకట్టడం: పటం మీది అంకె నుంచి నేల మీది అంకె దాకా

బెంగళూరు నుంచి నంది కొండల వైపు, శివగంగ వైపు, సావనదుర్గ వైపు కొండవాలు భూముల్లో తోటపని, మట్టికోత నివారణ పనులు చేయించే తెలుగువారు ఈ మధ్య చాలామందే కనిపిస్తున్నారు. వారు పని ఒప్పుకునేటప్పుడు చేతిలో ఉండే అంకె ఏదో ఒక పటం నుంచి వచ్చినదే. అది పహణీలోని ఎకరాలు, గుంటలు కావచ్చు, ఫోనులో జీపీఎస్ పట్టుకుని హద్దు చుట్టూ నడిస్తే వచ్చిన చదరపు మీటర్లు కావచ్చు, ఉపగ్రహ చిత్రం మీద గీసిన బహుభుజి కావచ్చు. ఈ మూడూ చెప్పేది ఒకటే: పై నుంచి నిట్టనిలువుగా చూస్తే ఆ నేల ఎంత చోటు ఆక్రమిస్తుందో ఆ సమతల విస్తీర్ణం. వాలు మీద పరిచే కొబ్బరిపీచు వలకు గానీ, చల్లే గడ్డి విత్తనానికి గానీ కావలసింది అది కాదు, నేలను తాకుతూ కొలిచిన ఉపరితల విస్తీర్ణం. మొదటి అంకె నుంచి రెండోదాన్ని రాబట్టే పద్ధతిని, చిక్కబళ్ళాపురం వైపు కొండ పాదాన ఎకరా ఇరవై గుంటల వాలు ఉందని ఊహించుకుని, దాని మీదే మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ఈ లెక్క ఎక్కడ పనికిరాదు

దిద్దుబాటు మొదలుపెట్టే ముందే ఈ మాట తేల్చుకోవాలి. ఎందుకంటే ఉపరితల విస్తీర్ణం పెద్ద అంకె కాబట్టి అదే అన్నిచోట్లా సరైనదన్న భ్రమ సులభంగా కలుగుతుంది. భూమి పత్రాలు, సర్వే నంబర్ల కొలతలు, రిజిస్ట్రేషన్ అన్నీ సమతల విస్తీర్ణం మీదే నడుస్తాయి. కొండవాలులో ఉన్నంత మాత్రాన ఎకరా భూమి ఎకరా పది గుంటలు కాదు. వాన కూడా అంతే. వర్షమాపకంలో 20 మిల్లీమీటర్లు పడిందంటే అది సమతలంగా ఉన్న ప్రతి చదరపు మీటరుకూ వచ్చిన నీరు కాబట్టి, మన ఉదాహరణలోని 6,070 చదరపు మీటర్ల మీద పడేది సుమారు 121 ఘనపు మీటర్లే. వాననీటి కాలువ పరిమాణం నిర్ణయించేటప్పుడు వాలు గుణకం కలిపితే లేని నీటిని లెక్కలో వేసుకున్నట్టే. చెట్లు వాలు మీద కూడా నిట్టనిలువుగా పెరిగి ఆకాశంలో చోటు పంచుకుంటాయి కాబట్టి, మొక్కల మధ్య ఎడాన్ని కూడా సమతల దూరంలోనే పాటించడం మేలు. నేలను కప్పేవాటికి, పూసేవాటికి, చల్లేవాటికి మాత్రమే ఈ దిద్దుబాటు: వల, పచ్చిక బిళ్ళలు, కాంక్రీటు పూత, కలుపు మందు.

గుణకం ఎక్కడి నుంచి వస్తుంది

పటం మీద పది మీటర్ల భుజం ఉన్న ఒక చదరాన్ని తీసుకుని, దాని రెండు భుజాలు వాలుకు అడ్డంగానూ, రెండు భుజాలు వాలు దిగే దిశలోనూ ఉన్నాయనుకుందాం. వాలు 34 డిగ్రీలు. అడ్డంగా ఉన్న భుజం నేల మీద కూడా పది మీటర్లే, ఎందుకంటే ఆ దిశలో నేల ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. దిగే భుజం మాత్రం 10 ÷ cos 34°, అంటే 12.06 మీటర్లు అవుతుంది. కాబట్టి విస్తీర్ణం 100 నుంచి 120.6 చదరపు మీటర్లకు పెరిగింది. సూత్రం ఇంతే:

```
ఉపరితల విస్తీర్ణం = సమతల విస్తీర్ణం / cos(θ)
```

θ అంటే వాలు కోణం, 1/cos(θ) అంటే వాలు గుణకం. సాగేది ఒక్క దిశలోనే కాబట్టి గుణకాన్ని ఒక్కసారే వేయాలి. పొడవును ఒకసారి, వెడల్పును ఒకసారి దిద్ది, ఆ తర్వాత గుణించే పొరపాటు ఎక్సెల్ పట్టికల్లో తరచుగా కనిపిస్తుంది. 43 డిగ్రీల వాలు మీద అలా చేస్తే 1.37 రావలసిన చోట 1.87 వస్తుంది, అంటే కొనే సరుకు మూడో వంతుకు పైగా ఎక్కువవుతుంది. స్థలం ఏ ఆకారంలో ఉన్నా, దాని హద్దులు వాలుకు ఏటవాలుగా పోయినా, ఆ ముక్క అంతటా వాలు ఒకే తీరుగా ఉంటే ఇదే గుణకం సరిపోతుంది.

గుణకం పెరిగే తీరును గుర్తుంచుకుంటే ఎక్కడ శ్రమపడాలో తెలుస్తుంది. 10 డిగ్రీల దగ్గర అది 1.015 మాత్రమే, కాబట్టి వల అంచులు ఒకదానిపై ఒకటి వేసే చోట పోయే సరుకు కంటే ఈ తేడా చిన్నది. 20 దగ్గర 1.064, 30 దగ్గర 1.155, 40 దగ్గర 1.305, 45 దగ్గర 1.414. ముప్పై దాటాక ఒక్కో డిగ్రీ తప్పు కూడా బిల్లులో కనిపిస్తుంది. పదిహేను లోపల రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా నష్టం లేదు.

మొదటి దశ: వాలును ముక్కలుగా విడగొట్టడం

కొండవాలు ఒకే కోణంలో ఉండదు. పాదం దగ్గర పైనుంచి కొట్టుకొచ్చిన మట్టి పేరుకుని వాలు తక్కువగా ఉంటుంది, మధ్యలో నిటారవుతుంది, పైన రాయి బయటపడే చోట ఇంకా నిటారవుతుంది. పక్క నుంచి, కొంచెం దూరంగా నిలబడి చూస్తే వాలు ఎక్కడ విరుగుతుందో కంటికే తెలుస్తుంది. ఆ విరుపు గీతల వెంట సున్నం గానీ, రంగు తాడు గానీ వేయించి, ప్రతి ముక్కనూ విడిగా కొలవాలి. ఒక ముక్క లోపల వాలు ఐదారు డిగ్రీలకు మించి మారుతుంటే దాన్ని మళ్ళీ రెండు చేయడం మంచిది.

మన ఎకరా ఇరవై గుంటలు, అంటే 6,070 చదరపు మీటర్లు, ఇలా మూడు ముక్కలైందనుకుందాం: పాదం 2,100, నడిమి భాగం 2,600, పై భాగం 1,370.

రెండో దశ: వాలు కోణం కొలవడం

పని మొత్తంలో జాగ్రత్త పెట్టవలసిన దశ ఇదే. వాలు కోణం చూపే క్లైనోమీటర్ ఉంటే ఒకరు కింద, ఒకరు పైన నిలబడాలి. చూసేవారి కంటి ఎత్తుకు సరిగ్గా సమానమైన ఎత్తులో గుర్తు పెట్టిన కర్రను రెండో వ్యక్తి నిలువుగా పట్టుకోవాలి. గురి ఆ గుర్తు మీదే ఉండాలి, అవతలి మనిషి తల మీద కాదు. కింద నుంచి పైకి ఒకసారి, చోట్లు మార్చుకుని పై నుంచి కిందకు ఒకసారి చదివి సగటు తీసుకుంటే, పరికరంలో సున్నా జరిగిన లోపం ఉన్నా అది రెండు వైపులా కొట్టుకుపోతుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా రెండు డిగ్రీలకు మించితే పరికరాన్ని సరిచేసుకోవాలి. ఫోనులోని కోణమానినీ ఇలాగే వాడవచ్చు. కానీ ఫోనును నేరుగా నేల మీద పెడితే ఒక గులకరాయి వాలు చదువుతుంది తప్ప కొండ వాలు కాదు. రెండు మీటర్ల వంకర లేని అల్యూమినియం పట్టీని వాలు మీద పరిచి, దాని మీద ఫోను అంచు ఆనించాలి.

పరికరాలేవీ లేకపోతే తాపీమేస్త్రీ సంచిలోని సామానే చాలు. రెండు మీటర్ల పట్టీ ఒక చివరను వాలు మీద ఎగువన ఆనించి, రసమట్టంతో పట్టీని సమతలంగా నిలిపి, రెండో చివర నుంచి గుండు కట్టిన దారం నేల దాకా వదలాలి. దారం పొడవు 1.35 మీటర్లయితే వాలు 1.35 ÷ 2, అంటే 67.5 శాతం. దీన్ని డిగ్రీల్లోకి మార్చే అవసరం కూడా లేదు:

```
గుణకం = sqrt(1 + (p/100)^2)
```

p అంటే శాతంలో వాలు. ఇక్కడ గుణకం 1.206 వస్తుంది, అది 34 డిగ్రీల గుణకమే. శాతానికీ డిగ్రీకీ మధ్య జరిగే తారుమారు ఈ లెక్కల్లో అన్నిటికంటే ఖరీదైనది. 45 డిగ్రీల వాలును నూరు శాతం అంటారని గుర్తుంచుకోవాలి. 67 శాతాన్ని 67 డిగ్రీలుగా పొరబడి సూత్రంలో వేస్తే గుణకం 2.56 అవుతుంది. మట్టి నిలిచి గడ్డి మొలిచే ఏ సహజ వాలుకూ అలాంటి గుణకం రాదు కాబట్టి, రెండుకు పైన అంకె కనిపించిన వెంటనే ప్రమాణం తప్పిందని అనుమానించాలి.

ఇక దిశ. కోణాన్ని నీరు పారే దారి వెంటే కొలవాలి. కాలిబాట వెంట కొలిస్తే వాలు తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే బాట వేసినవాళ్ళు నిటారు ఎక్కడం తప్పించుకోవడానికే దాన్ని ఏటవాలుగా వేశారు. నీటి దారి నుంచి 30 డిగ్రీలు పక్కకు జరిగి కొలిస్తే 34 డిగ్రీల వాలు దాదాపు 30 గానే చదవబడుతుంది. గుణకం 1.206 బదులు 1.158 వస్తుంది, అంటే నాలుగు శాతం సరుకు తగ్గుతుంది. దిశ మీద సందేహముంటే సీసాలోని నీళ్ళు ఒంపి ఎటు పారుతున్నాయో చూడటం కన్నా నమ్మకమైన పరీక్ష లేదు. ప్రతి ముక్కలోనూ కనీసం ఐదారు చోట్ల, గట్టు మీదో గుంటలోనో కాకుండా ముక్క అంతటా పరుచుకునేలా కొలవాలి.

మూడో దశ: ముక్కల వారీగా గుణించి, ఆ తర్వాతే కూడడం

పాదం 12 డిగ్రీలు, నడిమి భాగం 34, పై భాగం 43 అని తేలిందనుకుందాం. వాటి గుణకాలు వరుసగా 1.022, 1.206, 1.367. పాదం 2,100 నుంచి 2,147కు, నడిమి భాగం 2,600 నుంచి 3,136కు, పై భాగం 1,370 నుంచి 1,873కు పెరుగుతాయి. మొత్తం 7,156 చదరపు మీటర్లు. పటం చెప్పిన 6,070 కంటే ఇది 1,086 ఎక్కువ, అంటే సుమారు పదకొండు గుంటల నేల.

ఇక్కడ అందరికీ తోచే దగ్గరి దారి ఒకటుంది. మూడు ముక్కల సగటు వాలు తీసుకుని మొత్తాన్ని ఒకేసారి గుణించడం. విస్తీర్ణాల ప్రకారం సగటు వేస్తే వాలు 28.4 డిగ్రీలు, గుణకం 1.137, ఫలితం 6,902. అంటే 254 చదరపు మీటర్లు తక్కువ. ఇది అంకెలను సవరించడంలో జరిగిన లోపం కాదు. గుణకం మొదట్లో నెమ్మదిగా, చివర్లో వేగంగా పెరుగుతుంది కాబట్టి, నిటారు భాగం కలిపే అదనాన్ని వాలు తక్కువున్న భాగం ఎప్పుడూ వెనక్కి తగ్గించలేదు. అందువల్ల సగటు వాలు నుంచి తీసిన గుణకం ఎప్పుడూ తక్కువ వైపే తప్పుతుంది. గుణకాల సగటు తీయాలి, సగటు వాలుకు గుణకం తీయకూడదు.

టేపునే నేల మీద పరిచి కొలవకూడదా?

“సార్, టేపు కొండ మీదే పరిచి కొలిచేస్తే ఈ కొసైన్లన్నీ ఎందుకండీ?” అని మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఏ మేస్త్రీ అయినా అడుగుతాడు, అడగడం న్యాయమే. నిటారు ముక్కల విషయంలో అదే మెరుగైన పద్ధతి. మన పై భాగం వాలుకు అడ్డంగా 68.5 మీటర్లు ఉండి, పటం మీద 20 మీటర్ల లోతు ఉన్న పట్టీ అనుకుందాం. ఫోను జీపీఎస్ ఒక్క అంచును మూడు మీటర్లు జరిపినా ఆ 20 మీటర్లలో 15 శాతం తప్పు వచ్చేస్తుంది, దాన్ని 1.367తో గుణిస్తే తప్పు కూడా దానితో పాటే పెరుగుతుంది. టేపును నీటి దారి వెంట నేలకు ఆనించి దింపితే నేరుగా 27.3 మీటర్లు వస్తుంది. అలాంటి దింపుడు గీతలు పది మీటర్లకు ఒకటి చొప్పున కొలిచి, సగటును 68.5తో గుణిస్తే గుణకంతో పనే లేకుండా ఉపరితల విస్తీర్ణం చేతికి వస్తుంది. ఇలా వచ్చిన అంకెను మళ్ళీ కొసైన్‌తో భాగించకూడదు, అది అప్పటికే దిద్దిన అంకె. ఏ కొలత నేలకు ఆనించి తీసినదో, ఏది పటం నుంచి వచ్చినదో పుస్తకంలో పక్కనే రాసుకోకపోతే, ఆఫీసుకు వెళ్ళాక లెక్క కట్టేవారికి తెలిసే దారి ఉండదు.

పెద్ద కొండకైతే: ఎత్తుల రాస్టరుతో

యాభై, వంద హెక్టార్ల వాలుకు టేపు పట్టలేం. అప్పుడు భూమి ఎత్తుల నమూనా, అంటే నేలను గడులుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక ఎత్తు ఇచ్చే డెమ్ అనే రాస్టరు, కావాలి. కార్టోశాట్-1 ఉపగ్రహపు జంట చిత్రాల నుంచి తయారైన కార్టోడెమ్ ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో దొరుకుతుంది. 2000 ఫిబ్రవరి నాటి షటిల్ రాడార్ కొలతల నుంచి వచ్చిన ఎస్‌ఆర్‌టీఎమ్ కూడా ఉంది. రెండూ ఇంచుమించు 30 మీటర్ల గడులవి. మన ఎకరా ఇరవై గుంటలకు ఇవి పనికిరావు. ఆ స్థలంలో పట్టేది ఏడు గడులు కూడా కాదు, పైగా ఒక్కో గడి వాలును చుట్టుపక్కల ఎనిమిది గడులతో కలిపి లెక్కకడతారు కాబట్టి, పొరుగువారి భూమి వాలు మన లెక్కలో కలిసిపోతుంది. కొన్ని వందల గడులు పట్టే స్థలానికే ఈ దారి పట్టాలి. అప్పుడు టెర్మినల్‌లో నడపవలసిన జీడాల్ సాధనాల ఆదేశాలు ఇవి:

```
gdalwarp -t_srs EPSG:32643 -tr 30 30 -r bilinear dem.tif utm.tif
gdaldem slope utm.tif slope.tif -compute_edges
gdal_calc.py -A slope.tif --outfile=factor.tif --type=Float32 --calc="1/cos(A*0.0174533)"
```

మొదటి ఆదేశం డెమ్‌ను డిగ్రీల నుంచి మీటర్లలోకి మారుస్తుంది. బెంగళూరు, నంది కొండలు మీటర్లలో కొలిచే యూటీఎం పటపద్ధతిలో 43వ మండలంలో ఉన్నాయి కాబట్టి 32643. చెన్నై వైపు పని అయితే అది 44వ మండలం కాబట్టి 32644 వేయాలి. ఈ మెట్టు తప్పిస్తే అడ్డ దూరాలు డిగ్రీల్లో, ఎత్తులు మీటర్లలో ఉండి జీడాల్ పాత వెర్షన్లలో ప్రతి గడీ దాదాపు 90 డిగ్రీల గోడగా కనిపిస్తుంది. మూడో ఆదేశంలోని 0.0174533 డిగ్రీలను రేడియన్లుగా మార్చేది. దాన్ని మరిచిపోతే గుణకాల్లో రుణ సంఖ్యలు వస్తాయి. గుణకం ఎన్నడూ ఒకటి కంటే తక్కువ కాకూడదు కాబట్టి, factor.tif కనిష్ఠ విలువను ఒక్కసారి చూస్తే ఈ రెండు తప్పుల్లో రెండోది వెంటనే పట్టుబడుతుంది. మొదటిది గరిష్ఠ విలువలో పట్టుబడుతుంది.

తర్వాత క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లోని Zonal statistics తెరిచి, మన బహుభుజి లోపల factor.tif సగటు తీసి, ఆ సగటును బహుభుజి సొంత విస్తీర్ణంతో గుణించాలి. గడుల విస్తీర్ణాలను కూడే బదులు సగటునే తీసుకోవడానికి కారణముంది. హద్దు మీద సగం లోపల, సగం బయట ఉన్న గడులు కూడికను చెడగొడతాయి గానీ సగటును అంతగా కదిలించలేవు.

ఇంత చేసినా ముప్పై మీటర్ల డెమ్ ఇచ్చే గుణకం తక్కువ వైపే ఉంటుంది. ఒక గడిలో ఉన్న గట్లు, వాగులు, రాతి మెట్లు అన్నీ ఒక్క ఎత్తుగా అణిగిపోతాయి. నంది కొండ మీది టిప్పు డ్రాప్ లాంటి నిలువు రాతిముఖం ఇందులో మామూలు వాలుగా పరుచుకుంటుంది. అందుకే ఆ వాలులోనే రెండు మూడు చోట్ల క్లైనోమీటర్‌తో కొలిచి డెమ్ చెప్పిన వాలుతో పోల్చాలి. నేల మీద 38 డిగ్రీలు ఉన్న చోట డెమ్ 31 అంటుంటే ఆ తేడాను లెక్కలో చూపించక తప్పదు.

డ్రోన్ చిత్రాల నుంచి వచ్చే పది సెంటీమీటర్ల నమూనాలో ఇబ్బంది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. లంటానా పొదల పైభాగాలు, బండల అంచులు అన్నీ నేలగా లెక్కలోకి వచ్చి గుణకం ఉబ్బిపోతుంది. ముందు పొదలను తీసేసి నేల బిందువులనే ఉంచిన నమూనా చేయించి, దాన్ని ఒక మీటరు గడులకు మార్చాకే వాలు తీయాలి. కొలిచే గడి ఎంత చిన్నదైతే విస్తీర్ణం అంత పెరుగుతూనే పోతుంది, దానికొక ముగింపు అంకె లేదు. కాబట్టి గడి పరిమాణాన్ని పరిచే వస్తువు నిర్ణయించాలి. కొబ్బరిపీచు వల పిడికెడు రాయి మీద వంగదు, మీటరు గట్టు మీద వంగుతుంది.

చివరి దశ: సరుకు లెక్క

మన ఉదాహరణలో పాదానికి వల అక్కరలేదు, విత్తనం చల్లితే చాలు. నడిమి, పై భాగాలు కలిపి 5,009 చదరపు మీటర్లు. రెండు మీటర్ల వెడల్పు, యాభై మీటర్ల పొడవున్న చుట్టలు వాడి, పక్క చుట్ట మీద 15 సెంటీమీటర్లు ఎక్కించి వేస్తే ప్రతి చుట్టలో కప్పే వెడల్పు 1.85 మీటర్లే. 5,009 ని 2 ÷ 1.85తో గుణిస్తే 5,415. పై అంచున వలను కందకంలో పూడ్చడానికి 68.5 మీటర్ల పొడవునా 60 సెంటీమీటర్లు కలిపితే ఇంకో నలభై పైచిలుకు. మొత్తానికి 55 చుట్టలు. పటం విస్తీర్ణం 3,970 పట్టుకుని ఇదే అంచు, కందకం లెక్క వేసినవారు 44 చుట్టలు తెచ్చి, కొండ మీద పని నడుమ ఆగిపోతారు.

వాలు గుణకాన్నీ, అంచు నష్టాన్నీ కలిపి “వేస్టేజీ పాతిక శాతం” అని ఒకే అంకెగా వేసే అలవాటు కాంట్రాక్టర్లలో ఉంది. తక్కువ వాలుకు అది ఎక్కువ, నిటారు వాలుకు తక్కువ. పైగా బిల్లు తనిఖీకి వచ్చిన ఇంజనీరు దాన్ని కోసేస్తే సమర్థించుకోవడానికి ఆధారం మిగలదు. కొటేషన్‌లో ప్రతి ముక్కకూ సమతల విస్తీర్ణం, కొలిచిన వాలు, గుణకం, ఉపరితల విస్తీర్ణం విడివిడిగా ఒక్కో గడిలో రాసి, అంచు నష్టాన్ని వేరే వరుసలో చూపాలి. పని మొదలయ్యాక పై భాగంలో పక్కపక్కనే నాలుగు చుట్టలు పరిచి, అవి వాస్తవంగా కప్పిన నేలను టేపుతో కొలిస్తే, మిగతా చుట్టలు సరిపోతాయో లేదో రెండో లారీ బయలుదేరక ముందే తెలిసిపోతుంది.